ఎక్స్‌పెక్టెడ్ ఎంత అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఒంగోలులో అమ్మానాన్నల దగ్గర ఉంటూ చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఎగుమతి కంపెనీలో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు దగ్గర్నుంచి కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, అదే ఎల్‌సీ, దాని కాగితాలు బ్యాంకులో ఇచ్చేదాకా అన్నీ నేనే చూస్తాను. పే స్లిప్పులో జీతం 18 వేలు. పీఎఫ్ అవీ పోగా 16 వేలు బ్యాంకులో పడతాయి. మరో 8 వేలు నెలనెలా కవర్లో పెట్టి చేతికిస్తారు. దానికి కాగితం ఉండదు. మొన్న హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడి ఫార్మా కంపెనీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పోస్టు ఉందట. ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పిందో లేదో, “కరెంట్ సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత?” అని అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు. యార్డులో ఉన్నాను, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. సోమవారం మళ్లీ చేస్తానంది. నాన్న “ముందు ఉద్యోగం రానీ అమ్మాయ్, వాళ్లెంతిస్తే అంత తీసుకో” అంటున్నారు. బెంగళూరులో ఉండే బావ “60 అడుగు, 45కి దిగొస్తారు” అంటున్నాడు. నేను 40 వేలు అందామనుకుంటున్నాను. తక్కువ చెప్పి నష్టపోతానేమో, ఎక్కువ చెబితే అసలు ఇంటర్వ్యూకే పిలవరేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, సోమవారం ఫోన్ వచ్చేలోపు మీరు ముందు ఆలోచించాల్సింది ఆ 40 వేల సంగతి. అది ఎక్కువా తక్కువా అన్నది తర్వాత. 40 వేలంటే చేతికొచ్చేదా, కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చయిన సీటీసీనా? మీరు ఇంటికి తెచ్చుకునే డబ్బు గురించి చెబుతారు. అవతలి అమ్మాయి దాన్ని పన్నెండుతో గుణించి తన షీట్‌లో 4.8 లక్షలు అని రాసుకుంటుంది. ఇద్దరూ నలభయ్యే అనుకుంటారు, కానీ ఒకే మాట అనుకోలేదు.

ఆ 4.8 లక్షల సీటీసీ మీ చేతికొచ్చేసరికి ఎంతవుతుందో చూద్దాం. కంపెనీని బట్టి లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ పద్ధతి మాత్రం ఇదే. ముందు అందులోంచి పది శాతం, అంటే 48 వేలు, ‘వేరియబుల్’ అని పక్కన పెడతారు. అది ఏడాది చివర మీ పనితీరునీ కంపెనీ లాభాలనీ బట్టి ఇచ్చేది. కొన్నిచోట్ల పూర్తిగా ఇస్తారు, కొన్నిచోట్ల సగమే వస్తుంది. నెల జీతంలో మాత్రం కనిపించదు. మిగిలింది 4,32,000. బేసిక్ నెలకు 20 వేలు పెట్టారనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా బేసిక్‌లో 12 శాతం, ఏడాదికి 28,800. అది కూడా మీ సీటీసీలోంచే పోతుంది. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 11,500. ఆరోగ్య బీమా ప్రీమియం ఓ 6 వేలు అనుకోండి. ఇవన్నీ తీసేస్తే నెలకు గ్రాస్ 32 వేల చిల్లర. అందులోంచి మీ వాటా పీఎఫ్ 2,400, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 29,500. ఈ స్థాయి జీతానికి కొత్త పద్ధతిలో ఆదాయపు పన్ను పడదు, కాబట్టి దాన్ని వదిలేద్దాం.

పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు, నిజమే. కానీ హాస్టల్ ఫీజు పీఎఫ్‌తో కట్టలేరు కదా.

ఇప్పుడు మీకు చేతికి 24 వేలు వస్తోంది. 29,500 అంటే అయిదున్నర వేలు పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో భోజనంతో హాస్టల్ 8 వేలు, ఆఫీసుకి రానూ పోనూ 2 వేలు, నెలకోసారి ఒంగోలు వచ్చిపోతూ పండక్కీ పబ్బానికీ పెట్టే ఖర్చు ఇంకో 2 వేలు అనుకుంటే, ఇప్పుడు లేని ఖర్చు 12 వేలు కొత్తగా వచ్చి పడుతుంది. అంటే మీరు అడిగిన 40 వేలు వాళ్లు మారు మాట్లాడకుండా ఇచ్చేసినా నెలకు ఆరున్నర వేలు నష్టం. పైగా అడిగింది మీరే కాబట్టి “ఇది సరిపోవడం లేదండీ” అనడానికీ నోరు రాదు.

చీమకుర్తిలో బ్లాక్ చూడకుండా, గీతలున్నాయో లేదో నీళ్లు పోసి చూసుకోకుండా రేటు కట్టే కొనుగోలుదారు ఎవరైనా ఉన్నారా? మొదటి ఫోన్‌లో అంకె చెప్పడం అలాంటిదే. ఆ పోస్టులో షిఫ్టులున్నాయా, శనివారం పనుందా, వేరియబుల్ ఎంత, ఆఫీసు ఊళ్లోనా లేక ఊరి బయటెక్కడో ఫ్యాక్టరీలోనా, మీ కింద ఎవరైనా ఉంటారా, ఇవేవీ మీకింకా తెలియవు. ఇవి తెలిసేదాకా అంకె చెప్పకపోవడానికి ఇదే కారణం. తెలివిగా బేరమాడటం గురించి కాదు నేను చెబుతున్నది.

ఇక ఆ అమ్మాయి అంత తొందరగా ఎందుకు అడిగిందంటారా? రిక్రూట్‌మెంట్ పనిలో కొన్నేళ్లు ఉన్నదాన్ని కాబట్టి ఆమె బల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమె ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ఉంటుంది. పేరు, ఊరు, ఎన్నేళ్ల అనుభవం, కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్. ఆ గళ్లు నిండకపోతే కంపెనీ హెచ్ఆర్ ఆ షీట్‌ని వెనక్కి పంపేస్తుంది. సాయంత్రంలోగా అయిదారు ప్రొఫైల్స్ పంపాలి. అందుకే ఆ తొందర. ఇందులో మీ మీద కక్షా లేదు, మిమ్మల్ని మోసం చేద్దామన్న ఉద్దేశమూ లేదు. కన్సల్టెన్సీలకు ఫీజు ఇచ్చేది కంపెనీ. చాలాచోట్ల అది చేరిన మనిషి ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. కాబట్టి మీ జీతం పెరిగితే ఆమె సంస్థకీ నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి. కానీ ఆ నాలుగు రూపాయల కోసం వచ్చే అభ్యర్థిని పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు. మీరు బడ్జెట్‌లో ఇమిడితే చాలు అనుకుంటుంది. ఆమెను శత్రువులా చూడొద్దు, మీ తరఫు మనిషి అనీ అనుకోవద్దు.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ షీట్‌తో పాటే, ఈ పోస్టుకి ఎంతలోపు మనిషి కావాలో కంపెనీ ఆమెకు ముందే చెప్పి ఉంటుంది. అంటే మీరు వెతుక్కుంటున్న అంకె ఆమె దగ్గర ఇప్పటికే ఉంది. కాబట్టి సోమవారం ఫోన్‌లో మొదటి మాట ఇలా అనండి:

“మేడం, పని వివరాలు ఇంకా పూర్తిగా తెలియదు కదా, ఇప్పుడే అంకె చెబితే తప్పు చెప్పినట్టవుతుంది. ఈ పోస్టుకి కంపెనీ బడ్జెట్ ఎంతో చెప్పండి. నాకు కుదరకపోతే ఇప్పుడే చెప్పేస్తాను, మీ టైమూ వేస్ట్ అవ్వదు.”

అని ఊరుకోండి. అవతల నిశ్శబ్దం వస్తే భయపడి మళ్లీ మాట్లాడొద్దు. మనవాళ్లకి ఇది చాలా కష్టం. ఎదుటివాళ్లు మాట్లాడకపోతే వాళ్లకేదో కోపం వచ్చిందనుకుని “పర్లేదులెండి, ముప్పై అయినా ఓకే” అని మనమే తగ్గించేసుకుంటాం. ఆ రెండు సెకన్లూ ఆమె షీట్ చూసుకుంటుందంతే. చాలామంది రిక్రూటర్లు ఈ మాటకు “నాలుగు నుంచి అయిదు మధ్య అండీ” అని ఏదో ఒకటి చెప్పేస్తారు. చెప్పగానే సంతోషంతో “ఓకే మేడం” అనేయొద్దు. “అయిదు దగ్గరైతే మాట్లాడుకోవచ్చు. అందులో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత?” అని అడగండి. ఓకే అంటే షీట్‌లో నాలుగు పడుతుంది.

ఆమె చెప్పకపోవచ్చు కూడా. “అది మేం చెప్పకూడదండీ, మీరే ఒక ఫిగర్ చెప్పండి, ఫిల్ చేయాలి” అంటుంది. అప్పుడు రెండోసారి, గొంతు మార్చకుండా: “అలాగే మేడం. షీట్‌లో ‘నెగోషియబుల్, ఇంటర్వ్యూ తర్వాత’ అని పెట్టగలరా? పని నచ్చితే జీతం దగ్గర నేను మొండిగా ఉండను.” కొంతమంది పెడతారు, కొంతమంది పెట్టరు.

మూడోసారి కూడా అడిగితే నా మాట విని చెప్పేయండి. “అస్సలు చెప్పొద్దు, ఎవరు ముందు చెబితే వాళ్లు ఓడినట్టే” అని ఇంటర్నెట్‌లో రాసేవాళ్లున్నారు. అమెరికాలో మసాచుసెట్స్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో పాత జీతం అడగకూడదని 2018 నుంచే చట్టాలు అమల్లో ఉన్నాయి. ఆ సలహాలు చాలావరకు అలాంటి చోట్ల నుంచి వచ్చినవే. మనకు అలాంటి చట్టం లేదు. ఇక్కడ మూడోసారి కూడా తప్పించుకుంటే ఆమె “సరేనండీ, కనుక్కుని చెబుతాను” అని ఫోన్ పెట్టేసి మీ వరసను షీట్‌లోంచి తీసేస్తుంది. మీరు రెండుసార్లు తప్పించుకోవడం వల్ల ఈలోగా పని గురించి నాలుగు సంగతులు తెలుస్తాయి. అంతవరకు అది దండగ కాదు.

ఆ మూడోసారి చెప్పే అంకెను ఈ ఆదివారమే కాగితం మీద వేసుకుని పెట్టుకోండి. మీ లెక్కే వేద్దాం. ఇప్పుడు చేతికొస్తున్న 24 వేలకు కొత్త ఖర్చు 12 వేలు కలిపితే 36 వేలు. ఇంత వస్తే ఇప్పుడున్నట్టే ఉంటారు, రూపాయి లాభం లేదు. 36 వేలు చేతికి రావాలంటే, బేసిక్ 24 వేలు అనుకుని పీఎఫ్ రెండు వాటాలూ గ్రాట్యుటీ బీమా అన్నీ కలిపితే, వేరియబుల్ కాకుండా ఏడాదికి సుమారు 5.25 లక్షలు ఉండాలి. ఇది మీ గీత. దీన్ని ఎవరికీ చెప్పొద్దు. బయటికి చెప్పేది “ఫిక్స్‌డ్ అయిదున్నర నుంచి ఆరు లక్షలు, వేరియబుల్ దానికి అదనం” అని. ‘ఫిక్స్‌డ్’ అన్న మాట మర్చిపోవద్దు, మొత్తం మాటలో బరువంతా దానిదే. రేంజ్ చెప్పినప్పుడు అవతలివాళ్ల చెవిన పడేది కింది అంకె మాత్రమే, కాబట్టి కింది అంకె కూడా మీకు నచ్చేదై ఉండాలి. 5.5 ఫిక్స్‌డ్ అంటే చేతికి 38 వేల పైచిలుకు. “అయిదు నుంచి ఏడు” అని వెడల్పుగా చెబితే అయిదు చెప్పినట్టే.

బావగారు చెప్పినట్టు 60 అడిగితే ఏమవుతుంది? ఆయన చూసింది సాఫ్ట్‌వేర్ రంగం, అక్కడ ఆ బేరం నడవొచ్చు. ఇక్కడ 60 వేలంటే 7.2 లక్షలు అని షీట్‌లో పడుతుంది. బడ్జెట్ అయిదో ఆరో అయితే హెచ్ఆర్ మీతో బేరమాడదు. ఆ వరస వదిలేసి కింది వరసకు పోతుంది. ఎదురుగా కూర్చుని చేసే బేరానికీ షీట్‌లో గడికీ తేడా అదే. గడి “45కి రాగలవా” అని అడగదు.

నాన్నగారి మాట మీ విషయంలో మరీ ప్రమాదం. ఎందుకో వివరంగా చెబుతాను, మీ ఉత్తరంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

“మీ కంపెనీ రూల్స్ ప్రకారం ఇవ్వండి” అనో “మీకు తోచినంత ఇవ్వండి” అనో అంటే హెచ్ఆర్ చేసే పని ఒక్కటే. పాత జీతం మీద 20 శాతమో 30 శాతమో కలుపుతారు. పాత జీతం అంటే పే స్లిప్పు. మీ స్లిప్పు 18 వేలు. దాని మీద 30 శాతం వేస్తే 23,400. అది గ్రాస్, చేతికి ఇంకా తక్కువ. అంటే “మంచి హైక్ ఇచ్చాం” అని వాళ్లు నిజాయితీగానే అనుకుంటూ, మీరు ఒంగోలులో ఇంట్లో ఉండి తెచ్చుకునే దానికంటే తక్కువ ఆఫర్ చేస్తారు. కాబట్టి మీకు ‘ఎక్స్‌పెక్టెడ్’ కన్నా ‘కరెంట్’ అన్న ప్రశ్నే గట్టిది. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

అక్కడ మీ ముందు మూడు దారులున్నాయి.

స్లిప్పులో ఉన్నదే చెప్పి ఊరుకుంటే మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు గానీ, హైక్ లెక్క 18 వేల మీదే మొదలవుతుంది.

రెండోది, 35 వేలు వస్తోందని పెంచి చెప్పడం. చాలామంది చేస్తారు. మీరు చేయొద్దు. ఆఫర్ ఇచ్చే ముందు మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. కొన్ని కంపెనీలు పీఎఫ్ పాస్‌బుక్ కూడా అడుగుతాయి. అందులో నెలనెలా ఎంత జీతం మీద పీఎఫ్ కట్టారో ఉంటుంది. అక్కడ దొరికిపోతే ఆఫర్ వెనక్కి పోతుంది. అప్పటికి ఇక్కడ రాజీనామా ఇచ్చేసి ఉంటే రెంటికీ చెడినట్టే. స్లిప్పు మార్చి తయారుచేయించడం అయితే నేరం. ఎవరైనా “అది మామూలే” అని చెబితే నమ్మొద్దు.

మూడోది ఉన్నది ఉన్నట్టు, రెండు ముక్కలుగా చెప్పడం. నేనైతే ఇదే మంచిదంటాను: “స్లిప్పు ప్రకారం 18 వేలు, కంపెనీ పీఎఫ్ అదనం. అది కాకుండా నెలకు 8 వేలు నగదుగా ఇస్తారు, దానికి స్లిప్పు లేదు. అన్నీ కలిపితే ఏడాదికి 3.3 లక్షలు.” కన్సల్టెన్సీల వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. చిన్న ఊళ్లలో, కుటుంబాలు నడిపే వ్యాపారాల్లో ఇలా సగం బ్యాంకు సగం కవరు ఇవ్వడం వాళ్లు రోజూ వింటారు. కొందరు హెచ్ఆర్‌లు ఆ 8 వేలను లెక్కలోకి తీసుకుంటారు, కొందరు “ప్రూఫ్ లేకపోతే కుదరదు” అంటారు. మీ యజమాని మనిషి మంచివాడైతే, వెళ్లేటప్పుడు మొత్తం జీతం రాసి లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టమని అడిగి చూడొచ్చు. పెట్టకపోవచ్చు, నగదు ఇచ్చినట్టు కాగితం మీద ఒప్పుకోవడం చాలామందికి ఇష్టముండదు. పైగా ఇప్పుడే అడిగితే మీరు వెళ్లిపోయే ఆలోచనలో ఉన్నారని తెలిసిపోతుంది. చేతిలో ఆఫర్ లేనిదే ఆ మాట ఎత్తకండి.

3.3 నుంచి 5.5కి అంటే “హైక్ అరవై శాతం దాటుతోందండీ, అంత ఎవరిస్తారు?” అంటుంది ఆ అమ్మాయి. కచ్చితంగా అంటుంది. అప్పుడు పాత జీతాన్ని సమర్థించుకుంటూ కూర్చోకుండా మాటను పని మీదికి మళ్లించండి. “చీమకుర్తి జీతం ఒంగోలులో ఇంట్లో ఉండి చేసే పనికి. హైదరాబాద్‌లో ఈ పోస్టుకి మీరు వేరేవాళ్లకి ఎంత ఇస్తారో నాకూ అంతే.” తర్వాత మీకేం వచ్చో చెప్పండి. ఎల్‌సీ కాగితాల్లో ఒక్క తేదీ తేడా వచ్చినా, సరుకు వివరణలో ఒక్క మాట మారినా బ్యాంకు డిస్క్రెపెన్సీ రాస్తుంది, కొనుగోలుదారు డబ్బు ఆపేస్తాడు. ఆరేళ్లలో మీ చేతి మీదుగా వెళ్లిన సెట్లు ఎన్ని, వాటిలో బ్యాంకు వెనక్కి పంపినవి ఎన్ని? మీకు తెలిసే ఉంటుంది, లేకపోతే ఫైళ్లు తిరగేసి లెక్కపెట్టుకోండి. షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, చెక్క క్రేట్లకి ఫ్యుమిగేషన్ సర్టిఫికెట్, ఇవన్నీ ఒక్కరే చూడటం పెద్ద కంపెనీల్లో అరుదు. అక్కడ ఈ పని నలుగురికి పంచి ఉంటుంది. ఫార్మా కాగితాలు వేరు, వాటిలో మీకు తెలియనివీ ఉంటాయి, అది దాచకండి. కానీ ఎల్‌సీ అన్నిచోట్లా ఎల్‌సీయే.

ఈ రెండు మూడు రోజుల్లో ఇంకో పని చేయండి. మీరు కృష్ణపట్నం పోర్టు పనులకీ చెన్నై పోర్టు పనులకీ మాట్లాడే క్లియరింగ్ ఏజెంట్లు, ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసుల వాళ్లు ఉంటారు కదా. వాళ్లలో నమ్మకస్తులైన ఇద్దరికి ఫోన్ చేసి, “అన్నా, అయిదారేళ్ల అనుభవమున్న డాక్యుమెంటేషన్ మనిషికి హైదరాబాద్‌లో, చెన్నైలో ఎంతిస్తున్నారు?” అని అడగండి. “నీకెంత వస్తుంది?” అని అడిగితే ఎవరూ చెప్పరు, ఇలా అడిగితే చెబుతారు. ఇద్దరూ నాలుగున్నర దాటదంటే, మీ 5.25 గీత ఎంత నిజమైనదైనా ఆ మార్కెట్ ఇవ్వలేదని అర్థం. ఇద్దరూ ఆరున్నర అంటే మీ రేంజ్ పైకి జరపండి.

నాలుగున్నరే అయితే? అప్పుడు మీకు రెండు దారులు. తగ్గి చేరితే మొదటి ఏడాది నెలకు ఇప్పటికంటే కొన్ని వేలు తక్కువే మిగులుతాయి. మారుగా మీ జీతం మొత్తం కాగితం మీదికి వస్తుంది, కవరు బాధ పోతుంది, తర్వాతి ఉద్యోగానికి లెక్క ఆ 4.5 మీద మొదలవుతుంది. ఇది చిన్న లాభం కాదు. ఇంట్లో మీ డబ్బు మీద ఆధారపడ్డవాళ్లు లేకపోతే ఆలోచించదగ్గదే. ఉంటే మాత్రం, కృష్ణపట్నం వైపో నెల్లూరులోనో ఇదే పనికి ఉన్న పోస్టులు చూడటం మేలు. ఖర్చు అంతగా పెరగదు కాబట్టి నాలుగు లక్షలు కూడా హైదరాబాద్ అయిదున్నరకు దగ్గరగా వస్తాయి.

ఒక్క సందర్భంలో మాత్రం మొదటి ఫోన్‌లోనే మీరే అంకె చెప్పేయడం మంచిది. ఆమె “బడ్జెట్ మూడున్నర, అంతకుమించి రాదు” అంటే, “ఫిక్స్‌డ్ అయిదుకు పైనుంటేనే నాకు ఊరు మారడం కుదురుతుంది మేడం, అలాంటిది వస్తే తప్పకుండా చెప్పండి” అనండి. దాచి ఇంటర్వ్యూకి వెళ్లినా లాభం లేదు, ఒక రోజు సెలవూ రైలు ఖర్చూ దండగ. అలా చెప్పిన మనిషిని మంచి రిక్రూటర్ మర్చిపోదు కూడా.

ఫోన్ తర్వాత కొందరు ఆన్‌లైన్ ఫారం లింకు పంపుతారు. అందులో ఎక్స్‌పెక్టెడ్ గడి అంకె లేకపోతే ముందుకు కదలదు. సున్నా పెట్టమనో ఒకటి పెట్టమనో చెప్పేవాళ్లున్నారు. మనిషి చదివే చోట అది పనిచేయవచ్చు, జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట బయటికి పోవచ్చు, చదివే మనిషికి వెటకారంగానూ అనిపించవచ్చు. మీ రేంజ్‌లో కింది అంకె 5.5 పెట్టి, రిమార్క్స్ గడి ఉంటే “ఫిక్స్‌డ్, వివరాలు తెలిశాక మాట్లాడుకోవచ్చు” అని రాయండి. ఫోన్‌లో చెప్పినదీ ఫారంలో పెట్టినదీ ఒకటే ఉండాలి, హెచ్ఆర్ ముందు చూసేది అదే.

ఇదే పోస్టుకి ఇంకో కన్సల్టెన్సీ నుంచి కూడా ఫోన్ రావచ్చు, ఒకే కంపెనీ ఇద్దరు ముగ్గురికి పని అప్పగించడం మామూలే. కంపెనీ పేరు అడగండి. మీ ప్రొఫైల్ ఆ కంపెనీకి ఇప్పటికే వెళ్లి ఉంటే ఆ మాట చెప్పేయండి. ఇద్దరి దగ్గర్నుంచి రెండు వేర్వేరు అంకెలతో మీ పేరు వెళితే ఎవరి ఫీజు అన్న గొడవ మొదలవుతుంది, చాలా కంపెనీలు ఆ గొడవ పడలేక ప్రొఫైల్‌నే పక్కన పెట్టేస్తాయి. అందుకే సోమవారం మాటలయ్యాక ఆమెకు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. ఏ పోస్టు, ఏ కంపెనీ, కరెంట్ రెండు ముక్కలుగా ఎంత, మీరు చెప్పిన రేంజ్ ఎంత, అది ఫిక్స్‌డ్ అని. తర్వాత ఆఫర్ 4.8 సీటీసీ అని వస్తే, చూపించడానికి ఆ మెయిల్ ఉంటుంది.